డయాలసిస్ రోజుల్లో నాకు ఎ షిఫ్టే ఉంచండి: మా ఫ్యాక్టరీ మేనేజరుగారికి ఒక డయాలసిస్ పేషెంటు బహిరంగ లేఖ

మేనేజరుగారికి నమస్కారం.

నేను పరవాడలోని మన ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో బ్లిస్టర్ మెషీన్ ఆపరేటరుని. మాది ఉద్దానం, కవిటి వైపు. ఆ పేరు వినగానే మీకు సగం విషయం తెలిసిపోయి ఉంటుంది. నాకు సుగరు లేదు. కిడ్నీలు పాడవక ముందు బీపీ కూడా లేదు. మా వైపు చాలామందికి ఇలాగే వస్తుంది, కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. ప్రస్తుతం సోమ, బుధ, శుక్రవారాల్లో గాజువాకలో ఈఎస్ఐ వాళ్ళు పంపిన ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకుంటున్నాను.

షిఫ్టు మార్చమని నేను పెట్టుకున్న అర్జీకి హెచ్ఆర్ నుంచి ‘రొటేషన్ అందరికీ ఒకటే’ అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. నా సమస్య ఏమిటో ఆ అర్జీలో సరిగా చెప్పే చోటు లేదు. ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో నాలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ మేనేజర్లూ చదువుతారని ఈసారి అందరికీ కనబడేలా రాస్తున్నాను.

మన దగ్గర ఎ షిఫ్టు ఉదయం 6 నుంచి 2, బి షిఫ్టు 2 నుంచి రాత్రి 10, సి షిఫ్టు 10 నుంచి తెల్లారి 6. వారానికోసారి మారుతుంది. డయాలసిస్ యూనిట్‌కీ ఇలాంటి షిఫ్టులే ఉంటాయి, కానీ అవి మారవు. ఒక మెషీన్ మీద రోజుకు ముగ్గురు. సోమ, బుధ, శుక్ర ఒక జట్టు, మంగళ, గురు, శని ఇంకో జట్టు. అంటే ఒక మెషీన్ మీద ఆరుగురి బతుకు నడుస్తుంది. నాకు దొరికినది సాయంత్రం 4 నుంచి 8. ‘ఈ వారం పొద్దున్న వస్తాను సిస్టర్’ అంటే కుదరదు, పొద్దుటి మంచం మీద ఇంకొకరు ఉంటారు. ఎవరైనా రాకపోతేనే ఖాళీ, అది ఆ రోజు దాకా ఎవరికీ తెలియదు.

ఎ షిఫ్టు వారం నాకు ఇబ్బంది లేదు. రెండింటికి దిగి బస్సెక్కితే నాలుగుకల్లా మంచం మీద ఉంటాను. బి షిఫ్టు వారమే ప్రాణం మీదకి వస్తోంది. ‘ఒకటి మానేస్తే ఏముంది, తరవాతి సారి ఎక్కువసేపు చేయించుకో’ అని సూపర్‌వైజరుగారు మంచి మనసుతోనే అన్నారు. అది ఎందుకు కుదరదో లెక్క వేసి చెబుతాను.

నాకు మూత్రం దాదాపు రాదు. తాగిన నీళ్ళు, అన్నంలో కూరలో ఉన్న నీళ్ళు, అన్నీ ఒంట్లోనే నిలుస్తాయి. జాగ్రత్తగా ఉన్నా రోజుకు సుమారు లీటరు చేరుతుంది. నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువుని డ్రై వెయిట్ అంటారు, నాది 58 కిలోలు. గంటకు, కిలో బరువుకు 13 మిల్లీలీటర్లకు మించి నీరు లాగకుండా ఉంటే గుండెకు మంచిదని డాక్టర్లు చూసుకుంటారు. నా బరువుకు అది గంటకు ముప్పావు లీటరు, నాలుగు గంటలకు మూడు లీటర్లు.

మొన్నామధ్య బి షిఫ్టు వారంలో సెలవు దొరక్క శుక్రవారం పోయింది. బుధవారం రాత్రి మెషీన్ దిగిన వాణ్ణి మళ్ళీ సోమవారం సాయంత్రం ఎక్కాను. తూస్తే 62 కిలోల 500 గ్రాములు. నాలుగున్నర లీటర్లు, అంటే ఆరు గంటల పని. నా వెనక ఆ మెషీన్ శుభ్రం చేసి మూసేస్తారు, సిస్టర్లు ఇళ్ళకు పోతారు, ఆరు గంటలు ఎవరిస్తారు? నాలుగు గంటల్లోనే లాగబోతే పిక్కలు పట్టేసి, బీపీ పడిపోయి మధ్యలో ఆపేశారు. మిగిలిన నీరు ఒంట్లోనే ఉండిపోయింది. అంతకు ముందు రాత్రి పడుకుంటే ఊపిరి అందక గోడకు ఆనుకుని కూర్చున్నాను. నీరు ఊపిరితిత్తుల్లోకి చేరిందంటే అలాగే ఉంటుంది. నీటితో పాటు రక్తంలో పొటాషియం కూడా పెరుగుతుంది. అది పైకి ఏమీ తెలియనివ్వదు, ఒక్కోసారి నేరుగా గుండెనే ఆపేస్తుంది. మామూలుగానే శుక్రవారం నుంచి సోమవారం దాకా ఉండే ఎడం మాకు అన్నిటికంటే ప్రమాదకరం. దానికి ముందరి శుక్రవారం పోగొట్టుకోవడం అంటే ఏమిటో మీరే ఆలోచించండి.

సి షిఫ్టయితే డయాలసిస్ టైముకు అడ్డం రాదు కదా అనొచ్చు. ఎనిమిదింటికి మెషీన్ దిగాక సూదులు పొడిచిన చోట రక్తం ఆగేదాకా నొక్కి పట్టుకోవాలి. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి. ఆ రెండు గంటల్లో గేటు దగ్గరకు వచ్చి, తెల్లవార్లూ కదిలే మెషీన్ ముందు నిలబడటం నాకే కాదు, పక్కవాడికీ మంచిది కాదు. ఇంకొకటి, నా ఎడమ చేతికి ఫిస్టులా వేశారు. ధమనినీ సిరనూ కలిపి కుట్టిన చోటు అది, తాకితే జుమ్మని కొట్టుకుంటుంది. బీపీ బాగా పడిపోతే అందులో రక్తం గడ్డకట్టొచ్చు. ఆ జుమ్మనడం ఆగిందంటే మళ్ళీ ఆపరేషను, అప్పటిదాకా మెడలో పైపు. కార్టన్ పెట్టెలు ఆ చేత్తో ఎత్తొద్దన్నదీ అందుకే.

నేను అడిగేది ఇది. సోమ, బుధ, శుక్ర నాకు ఎ షిఫ్టు. మంగళ, గురు, శని జనరల్ షిఫ్టు, 9 నుంచి 5. రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరే మనిషి మళ్ళీ తెల్లారి ఆరింటికి గేటు దగ్గర ఉండాలంటే నిద్ర ఉండదు, అందుకని ఆ మూడు రోజులు జనరల్. ఆదివారం వీక్లీ ఆఫ్. వారానికి 48 గంటలూ పూర్తవుతాయి, ఒక్క గంట తగ్గదు. ఎ షిఫ్టు రోజుల్లో మెషీన్ నడుపుతాను. జనరల్ రోజుల్లో బ్యాచ్ ప్యాకింగ్ రికార్డులు సరిచూడటం, ఫాయిల్, కార్టన్ లెక్కలు కలపడం, లైన్ క్లియరెన్స్ చూడటం చేస్తాను. ఆ కాగితాలు సెక్షన్‌లో ఎప్పుడూ వెనకబడే ఉంటాయని మీకూ తెలుసు.

నా వంతు నైట్లు ఎవరు చేస్తారన్నది న్యాయమైన ప్రశ్న. నా నైట్ అలవెన్సు నాకు వద్దు, చేసినవాళ్ళకే పోవాలి. సెక్షన్‌లో ఇద్దరు తమ్ముళ్ళు ఒప్పుకుని సంతకాలు పెట్టారు, ఆ కాగితం మీకు విడిగా ఇస్తాను. రేపు వాళ్ళు మాట మార్చుకుంటే తప్పు పట్టను, ఆరు నెలలకోసారి మళ్ళీ అడుగుదాం.

చట్టం పేరు చెప్పి మిమ్మల్ని బెదిరించేందుకు నా దగ్గర ఏమీ లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, కిడ్నీ జబ్బు అందులో లేదు. ఈఎస్ఐలో దీర్ఘకాలిక జబ్బులకిచ్చే సెలవు ఉంది, కిడ్నీ ఫెయిల్యూరు ఆ జాబితాలో ఉంది, జీతంలో 80 శాతం, రెండేళ్ళ వరకు. అది తీసుకోమని హెచ్ఆర్‌లో ఒకరు చెప్పారు. తీసుకుంటే రెండేళ్ళ తరవాత ఏం చేయను? ఉద్యోగం పోతే కొన్నాళ్ళకు ఈఎస్ఐ కార్డూ చెల్లదు. ఆ సెలవు మంచాన పడ్డ రోజుకి దాచుకుంటాను. ఇప్పుడు నేను పని చేయగలను. వారంలో మూడు సాయంత్రాలు మాత్రం నావి కావు.

డయాలసిస్ యూనిట్ ఇచ్చిన టైమింగ్ సర్టిఫికెట్టు, నెఫ్రాలజిస్టు రాసిన కాగితం జతచేస్తున్నాను. అనుమానం ఉంటే కంపెనీ డాక్టరుగారు నన్ను పరీక్షించవచ్చు. వచ్చే నెల షిఫ్టు చార్టు వేసేలోపు అవునో కాదో చెప్పండి. కాదంటే ఏ రోజు, ఏ లైనులో అడ్డం వస్తుందో రాసి చెప్పండి, యూనిట్‌లో నా టైము మార్చుకునే దారి ఏమైనా ఉందేమో దాన్ని బట్టి అడుగుతాను.

ఇట్లు,
ప్యాకింగ్ సెక్షన్ ఆపరేటరు, పరవాడ