అటక మీద మూడు బాక్సులు

సంపాదకుడు గారికి నమస్కారం.

మా ఇంట్లో అటక మీద మూడు సెట్‌టాప్ బాక్సులున్నాయి. ఒకటి కేబుల్‌ది, రెండు డీటీహెచ్‌వి. ఒక్కటి కూడా చెడిపోలేదు. కంపెనీ మారిన ప్రతిసారీ కొత్త డిష్ బిగించడానికి వచ్చిన కుర్రాడు పాత బాక్సు చూసి "ఇది మాకు పనికిరాదండీ" అంటాడు, అది అటకెక్కుతుంది. సిమ్ మార్చినంత మాత్రాన మనం ఫోన్ పారేయం కదా, టీవీకి మాత్రం ఈ ఖర్మ ఏంటో. ఇక మా అమ్మ బాధ వేరు. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు, టీవీకో రిమోటు, బాక్సుకో రిమోటు. పొరపాటున టీవీ రిమోటులో ఏదో నొక్కుతుంది, తెర మీద 'నో సిగ్నల్' అని వస్తుంది, కరెంటు పోయిందనుకుని ఫ్యాన్ వంక చూస్తుంది!

పోయినేడు జర్మనీలో మా అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు టీవీ కింద బాక్సు కనిపించలేదు. నెట్‌లో వస్తోందేమో అనుకున్నాను. కాదు, మనలాగే డిష్ నుంచే. అల్లుడు టీవీ వెనక స్లాట్ అనే ఒక సన్నటి సందులోంచి పలుచటి పెట్టెలాంటిది లాగి చూపించాడు, ఏటీఎం కార్డు కంటే కాస్త పెద్దది, ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. దాన్ని క్యామ్ అంటారట. అందులో ఏటీఎం కార్డు లాంటి స్మార్ట్ కార్డు దూర్చి ఉంది. అంతే, అదే వాళ్ళ సెట్‌టాప్ బాక్సు. ఇంట్లో ఒకటే రిమోటు.

నాకు అర్థమైనంతలో అది పనిచేసే తీరు ఇదీ. డిష్ నుంచి వచ్చే సిగ్నల్‌ని పట్టుకునేది టీవీలోని ట్యూనరే, క్యామ్ కాదు. డబ్బు కట్టి చూసే చానల్‌కి తాళం వేసి పంపుతారు, దాని తాళంచెవి కొన్ని సెకన్లకోసారి మారిపోతూ ఉంటుంది. టీవీ ఆ తాళం వేసిన ప్రసారాన్ని క్యామ్‌కి ఇస్తుంది, లోపలి కార్డు మన చందా చూసి తాళంచెవి ఇస్తుంది, క్యామ్ తాళం తీసి బొమ్మని మళ్ళీ టీవీకి పంపుతుంది. పాత రకం స్లాట్‌లో ఆ చివరి దారిలో బొమ్మ విప్పారిన రూపంలోనే వెళ్ళేది, ఎవరైనా మధ్యలో కాపీ కొట్టొచ్చు. ఇప్పుడొచ్చే సీఐ ప్లస్ రకంలో క్యామ్, టీవీ ముందు ఒకరి సర్టిఫికెట్ ఒకరు చూసుకుంటాయి, తర్వాత ఆ కాస్త దారిలో కూడా తాళం వేసే పంపుతాయి. కాబట్టి 'స్లాట్ ఇస్తే దొంగ కాపీలు పెరుగుతాయి' అనే మాట ఇప్పుడు పెద్దగా నిలబడదు. (దీనికి వాళ్ళక్కడ ఇంకో ధర కడుతున్నారు లెండి. హెచ్‌డీ ప్లస్ అనే అక్కడి చందా ప్యాకేజీలో ఉన్న ప్రైవేటు చానళ్ళని రికార్డు చేసుకోనివ్వరు, ఆపి చూసుకోవడానికి గంటన్నర గడువిస్తారు.)

అక్కడిది కంపెనీల దయ కాదు, చట్టం. 30 సెంటీమీటర్లకు మించిన తెర ఉన్న డిజిటల్ టీవీలో ఇలాంటి స్లాట్ ఒకటైనా ఉండాలని యూరప్‌లో 2002లోనే రాసుకున్నారు, 2018 నాటి కొత్త చట్టంలోనూ దాన్ని ఉంచారు.

మరి మన దగ్గర? తిరిగొచ్చాక కొత్త టీవీ కొనేటప్పుడు దుకాణంలో ఇదే అడిగాను. సేల్స్ కుర్రాడు వివరాల కాగితం చూపించాడు. అందులో యాంటెన్నా సిగ్నల్ పట్టే ట్యూనర్ ఉంది, శాటిలైట్‌కి కావాల్సిన డీవీబీ-ఎస్2 లేదు, కేబుల్‌కి కావాల్సిన డీవీబీ-సీ కూడా లేదు. ఇళ్ళ మీద యాంటెన్నాలు పోయి ఎన్నేళ్ళయింది! ట్యూనర్ లేని టీవీకి స్లాట్ ఉన్నా దండగే. కొనేవాళ్ళు ఒకటి చూసుకోండి, డిష్ వైరు చివర మర తిప్పి బిగించేది ఉంటుంది కదా, అది పట్టే మరల సాకెట్ టీవీ వెనక లేకపోతే ఆ టీవీ డిష్‌తో నేరుగా మాట్లాడలేదు. శాటిలైట్ ట్యూనర్‌తో పాటు ఆ సాకెట్ ఉంటే, డిష్ ముందుండి సిగ్నల్ అందుకునే ఎల్ఎన్‌బీకి కరెంటు కూడా టీవీయే పంపుతుంది, దానికోసం బాక్సు అవసరం ఉండదు. నేను వాడే డీటీహెచ్ వాళ్ళకి ఫోన్ చేసి క్యామ్ ఇస్తారా అని అడిగితే అవతలి అమ్మాయి "కెమెరా అండీ?" అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు, ఆమెకి ఎవరూ చెప్పి ఉండరు.

విడ్డూరం ఏంటంటే మన ప్రభుత్వం ఈ మాట ఎప్పుడో అంది. 2001 నాటి డీటీహెచ్ మార్గదర్శకాల్లోనే ఒక కంపెనీ బాక్సు ఇంకో కంపెనీకి పనికొచ్చేలా ఉండాలని ఉంది. 2020 ఏప్రిల్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇంకా స్పష్టంగా, బాక్సులకే కాదు డిజిటల్ టీవీలకి కూడా సీఐ ప్లస్ 2.0 పోర్టు ఉండాలని సిఫారసు చేసింది. ఇది యూఎస్‌బీ రూపంలో ఉంటుంది. అలాగని పెన్‌డ్రైవ్ పెట్టే మామూలు పోర్టు చాలదు, టీవీ లోపల దానికి తగ్గ సాఫ్ట్‌వేర్, సర్టిఫికెట్ ఉండాలి. తర్వాత ప్రమాణాల సంస్థ బీఐఎస్ శాటిలైట్ ట్యూనర్ ఉన్న టీవీలకి ఐఎస్ 18112 అని 2022లో ఒక ప్రమాణం తెచ్చింది. మంచిదే, కానీ అది ఉచిత చానళ్ళ కోసం ఉద్దేశించింది. నెలనెలా రీఛార్జ్ చేసేవాడి సమస్య అలాగే ఉంది.

ఈలోగా ఇంకోటి వస్తోంది, కార్డు లేని పద్ధతి. కార్డు చేసే పనిని టీవీలోనో క్యామ్‌లోనో ఉండే చిప్‌కే అప్పజెబుతారు, చందా ఆ చిప్ నంబరు మీద నడుస్తుంది. జర్మనీలో 2019-20 నుంచి కొన్ని కొత్త టీవీల్లో హెచ్‌డీ ప్లస్ ఇలాగే క్యామ్ కూడా లేకుండా వస్తోంది. వినడానికి హాయిగానే ఉంది, కార్డు అరిగేది లేదు, పోయేది లేదు. నా భయమల్లా ఒక్కటే. స్లాట్ తీసేసి ఒక కంపెనీ తాళాన్ని మాత్రమే టీవీలో కలిపేస్తే, ఇప్పటిదాకా అటకెక్కింది బాక్సే, రేపు కంపెనీ మారితే టీవీనే ఎక్కించాలి.

స్లాట్ పెట్టమని టీవీ కంపెనీలకి చెప్పి ఊరుకున్నా పని జరగదు. అమెరికాలో కేబుల్‌కార్డు అని ఇలాంటిదే తెచ్చారు. కేబుల్ వాళ్ళు దాన్ని పట్టించుకోకపోతారేమోనని, 2007 జులై నుంచి వాళ్ళు అద్దెకిచ్చే సొంత బాక్సుల్లో కూడా అదే కార్డు పద్ధతి వాడాలన్నారు. తమ బాక్సే ఆగిపోతుందంటే ఎవడైనా బాగుచేస్తాడు కదా. 2014లో కొత్త చట్టంతో ఆ షరతు తీసేశారు, 2020లో కార్డు ఇచ్చి తీరాలన్న నిబంధన కూడా ఎత్తేశారు.

అందుకని నేను కోరేది ఇది. ట్రాయ్ సిఫారసుని కేంద్ర సమాచార ప్రసార శాఖ లైసెన్సు షరతుల్లో పెట్టాలి, అడిగినవాడికి క్యామ్‌ని బాక్సు కంటే ఎక్కువ కాని ధరకి ఇవ్వాలని ఆపరేటర్లకి చెప్పాలి, కార్డు లేని పద్ధతి పెట్టే టీవీకి కూడా స్లాట్ తప్పనిసరి చేయాలి. క్యామ్ పెట్టుకుంటే కంపెనీ వాళ్ళ సొంత మెనూలు, అడిగినప్పుడు చూసే సినిమాలు కొన్ని రాకపోవచ్చని నాకు తెలుసు. మా అమ్మకి అవి అక్కర్లేదు, సాయంత్రం భక్తి చానల్ ఒక్క రిమోటుతో వస్తే చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు, కాకినాడ