ఈసారి బాత్రూమ్ పగలగొట్టించి బాగు చేయిస్తున్నాను

"అంకుల్, బెడ్‌రూమ్ సీలింగ్ మళ్ళీ కారుతోంది. జూన్ నుంచి చెప్పడం ఇది నాలుగోసారి. పని ఎప్పటికి అవుతుందో తేదీలతో చెప్పండి."

అమ్మా, తప్పు నాదే, క్షమించండి. పాప పుస్తకాల అట్టపెట్టె తడిసి మెత్తబడిపోవడం నిన్న చూశాక రాత్రి నిద్ర పట్టలేదు.

ఉన్నమాట చెప్తాను. మొదటిసారే మేస్త్రీ పైన మా బాత్రూమ్ ఫ్లోర్ పగలగొట్టాలన్నాడు, నేనే వద్దన్నాను. రోజూ దగ్గరుండి కట్టించుకున్న ఇల్లు, ఇటుక ఇటుకా నీళ్ళు పట్టించిన ఇల్లు, లీకేజీ అంటే మనసు ఒప్పుకోలేదు. అందుకే టైల్స్ సందుల్లో గ్రౌట్ పెట్టించి, మీ సీలింగ్‌కి పుట్టీ పూయించి సరిపెట్టాను. పైనుంచి నీళ్ళు వస్తుంటే కింద పుట్టీ ఎన్నాళ్ళు ఆగుతుంది, నెలకే పెచ్చులూడింది. తర్వాత పగలగొడదామని ఒప్పుకుంటే అదే మేస్త్రీ పదిహేను వేలు అడ్వాన్స్ తీసుకుని వేరే సైట్‌కి పోయాడు, రేపొస్తా ఎల్లుండొస్తా అంటూ నెలన్నర తిప్పాడు, నేను ఆ మాటలే మీకు చెప్తూ వచ్చాను. డబ్బు పోతే పోయింది, మీ దగ్గర నా మాట పోయింది చూడండి, అదే బాధ. అతన్ని ఇక గేటు లోపలికి రానివ్వను.

మొన్న ఆదివారం కొత్త ప్లంబర్ బాత్రూమ్ మూల నీళ్ళు పోయే నహానీ ట్రాప్‌లో ఎర్ర రంగు నీళ్ళు పోశాడు కదా, గంటన్నరకి మీ సీలింగ్ మీద ఎర్ర చుక్క దిగింది. అంటే ట్రాప్ దగ్గర జాయింట్ పోయింది, ఆ నీళ్ళు టైల్స్ కింద ఫిల్లింగ్‌లో నిండి స్లాబ్‌లోంచి దిగుతున్నాయి. పైపైన ఏం పూసినా ఆగదు.

నవంబర్ 10 సోమవారం పగలగొట్టడం మొదలు, ఆ రోజూ మర్నాడూ చప్పుడు ఉంటుంది, కానీ పాప పడుకునే ఒంటిగంట నుంచి మూడు దాకా సుత్తి పట్టొద్దని చెప్పాను. 11న ట్రాప్, పైపులు మార్చేస్తారు. 12న ఒక కోటు, 13న దానికి అడ్డంగా రెండో కోటు వాటర్‌ప్రూఫింగ్, గోడలకి కూడా అడుగు ఎత్తు దాకా. మూడు రోజులు ఆరనిచ్చి 17 పొద్దున నీళ్ళు కట్టి 19 పొద్దున దాకా ఉంచుతాం. ఆ 48 గంటల్లో మీ సీలింగ్ మీద కొత్తగా తడి కనిపిస్తే వెంటనే ఫోన్ చేయండి, అర్ధరాత్రైనా సరే. మీరు సరే అనేదాకా టైల్స్ వేయనివ్వను. అంతా బావుంటే 22కి టైల్స్ అయిపోతాయి.

మీ సీలింగ్ పెచ్చులు 24న కొట్టించి ప్లాస్టరింగ్ చేయిస్తాను, పెయింట్ మాత్రం డిసెంబర్ 13న. తడి మీద వేస్తే మళ్ళీ ఉబ్బుతుంది, ఇది ఆలస్యం చేయడం కాదమ్మా.

పని అయ్యేదాకా, అంటే ఈ రెండు నెలలూ, అద్దెలో మూడు వేలు తగ్గించి వేయండి. ఖాళీ చేస్తామన్నా ఆపను, మీ అడ్వాన్స్ మొత్తం ఇచ్చేస్తాను, మీరున్నా లేకున్నా ఈ పని మాత్రం ఆగదు. సోమవారం తొమ్మిదికి ప్లంబర్ రాకపోతే ఆ సంగతి మీరు అడిగేలోపే నేనే వచ్చి చెప్తాను.