వద్దన్న మాట, వద్దనిపించుకున్న మనసు

వాంకూవర్ నుంచి
అనంతపురంలో ఉన్న చెల్లెలు సుజాతకు, అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరంలో ఒకచోట ‘ఆయనకు నేను అక్కర్లేకుండా పోయానక్కా’ అనీ, మరోచోట ‘ఆయన చెయ్యి వేస్తే ఒళ్లు బిగుసుకుపోతోంది’ అనీ రాశావు. ఈ రెండింటికీ పొంతన లేదని నువ్వే సిగ్గుపడ్డావు గానీ, నాకవి ఒకే బాధకు రెండు కొసలుగా కనిపించాయి. ఇక్కడ బాలింతల వార్డులో నర్సుగా ఇలాంటి మాటలు చాలామంది నోట విన్నాను కాబట్టి సంకోచం లేకుండా రాస్తున్నాను. నీకు ఇష్టమైతే ఈ ఉత్తరం మీ ఆయనకు కూడా చూపించు.

ముందు శరీరం సంగతి. పాలిచ్చే రోజుల్లో ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోను ఎక్కువగానూ ఈస్ట్రోజన్ అనే హార్మోను తక్కువగానూ ఉంటాయి. అందువల్ల యోని పొడిబారి కలయిక నొప్పిగా ఉండవచ్చు, కోరికా తగ్గవచ్చు. ఒకసారి నొప్పి పుడితే మరుసటిసారి శరీరం ముందుగానే బిగుసుకుంటుంది, ఆ బిగువు వల్ల నొప్పి ఇంకా పెరుగుతుంది. అందుకని మొదట గైనకాలజిస్టును కలిసి కుట్లు సరిగా మానాయో లేదో చూపించుకో. రక్తం, థైరాయిడ్ పరీక్షలు అవసరమేమో అడుగు. నిద్ర లేకపోవడమే కాక ఎప్పుడూ దిగులుగా, ఏడుపుగా ఉంటోందంటే అదీ దాచకుండా చెప్పు. ఆ పొడితనం తగ్గడానికి రాసుకునే, నీటితో చేసిన లూబ్రికెంట్ మందుల షాపులో దొరుకుతుంది, దాన్ని అడగడానికి మొహమాటపడవద్దు. నొప్పిని ఓర్చుకుని కలవడం మాత్రం మానుకో, ఎందుకంటే ఆ ఓర్పే రేపటి భయమవుతుంది.

ఇక మీ ఇద్దరి మధ్య జరుగుతున్నది. నువ్వు రాసినదాన్ని బట్టి, రాత్రి ఆయన నీ భుజం మీద చెయ్యి వేస్తారు, అది ఎక్కడికి దారితీస్తుందోనని నువ్వు బాబు కదిలాడన్న నెపంతో లేచిపోతావు, ఆయన ఏమీ అనకుండా అటు తిరిగి పడుకుంటారు. పగలంతా వంటింట్లో పాలు కాచడం దగ్గర్నుంచి అత్తమ్మకు మాత్రలివ్వడం దాకా నీ ఒళ్లు అందరి పనికీ అంకితమై, రాత్రికి అది నీదే కానట్టు అయిపోతుందని ఆయనకు తెలియదు. ఆ చెయ్యి కేవలం శరీరం కోసమే కాక, ‘నేనింకా నీకు కావాలా’ అని అడగడానికి కూడా అయివుండవచ్చని నీకు తట్టదు. మనవైపు మగవాళ్లకు ఆ ప్రశ్నను నోటితో అడగడం ఎవరూ నేర్పలేదు. ఎండలు ముదిరాయని ఆయన మిద్దె మీద పడుకోవడం మొదలుపెట్టారని రాశావే, అది నీ మీద విరక్తి అనుకోకు. మళ్లీ వద్దనిపించుకోవడం కంటే దూరంగా పడుకోవడం తేలికనిపించి ఉండవచ్చు. నాకు అన్నిటికంటే దిగులు కలిగించింది వేరే: కలయికకు దారితీస్తుందేమోనని నువ్వు పగలు పక్కన కూర్చోవడం, చెయ్యి పట్టుకోవడం కూడా మానేశావు. దానితో మీ ఇద్దరికీ మామూలు ఆప్యాయత కూడా అందకుండా పోయింది.

ఈ ఊళ్లోనే పనిచేసిన డాక్టర్ రోజ్‌మేరీ బాసన్ 2000లో ఒక విషయం వివరించారు. కోరిక ఎప్పుడూ ముందుగా పుట్టనక్కర్లేదు. చాలామంది ఆడవాళ్లలో, ముఖ్యంగా ఏళ్లుగా కలిసి ఉన్నవాళ్లలో, మనసుకు ఇష్టమై దగ్గరైన తరువాత, ఆ దగ్గరితనం హాయిగా అనిపిస్తే కోరిక మెల్లగా మేల్కొంటుంది. ఇష్టం లేకపోయినా మొదలుపెడితే అదే వస్తుందన్న అర్థం ఇందులో లేదు. భయం, నొప్పి, బలవంతం ఉన్నచోట అది మేల్కొనదు.

అందుకే కొన్ని వారాలపాటు కలయిక అసలు ఉండదని ఇద్దరూ ముందుగా ఒప్పుకోండి. మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1970లో వివరించిన పద్ధతి ఇది. వారానికి రెండుసార్లు, బాబును అత్తమ్మ దగ్గర ఉంచి, తలుపు వేసుకుని, ఒక్కొక్కరు పావుగంట సేపు వంతులవారీగా రెండోవారి చేతులు, వీపు, తల, పాదాలు తాకాలి. మొదట్లో రొమ్ములూ మర్మాంగాలూ తాకకూడదు. ఎదుటివారికి కోరిక పుట్టించడం కోసం కాదు, చర్మం వెచ్చగా ఉందా, మెత్తగా ఉందా అని గమనించడం కోసమే తాకాలి. తాకించుకునేవారు నచ్చనిచోట ఆపమనాలి. ఆపమన్న వెంటనే ఆగితే, ఆయన స్పర్శ అంటే నీకున్న బెరుకు సడలుతుంది. కోరిక కలిగినా మాట తప్పకూడదు, తప్పితే మళ్లీ ఆ చెయ్యి నిన్ను ఏదో అడుగుతున్నట్టే అనిపిస్తుంది.

ఈ మాట పడుకునే వేళ ఎత్తవద్దు. ఆదివారం సాయంత్రం బాబును ఎత్తుకుని ఇద్దరూ నడకకు వెళ్లినప్పుడు, ‘నొప్పికి భయపడి తప్పుకున్నాను, మీరు వద్దని కాదు’ అని చెప్పు. ఆ తరువాత ఆయనకు ఎలా అనిపించిందో అడిగి, జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకు. ఇకపైన వద్దన్నవారే ఇంకో రోజునో, ఇంకో రకమైన దగ్గరితనాన్నో చెప్పాలని కూడా అనుకోండి. ‘ఈ రాత్రి కాదు, కానీ నా పక్కన పడుకో’ అన్నా చాలు.

ఇంతలో ఆయన ఎప్పుడైనా నీ మాట కాదని బలవంతం చేసినా, బెదిరించినా, అది వేరే విషయం. అప్పుడు ఇదంతా పక్కనపెట్టి వెంటనే నాకు ఫోన్ చెయ్యి. డాక్టరమ్మ ఏం చెప్పారో మాత్రం తప్పకుండా రాయి.

నీ అక్క