నలుగురు పెద్దల రికార్డు: ఈ ఏడాది అధ్యయనంపై సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన పఠన సంఘం పని చాలావరకు ఒకే అంశం చుట్టూ సాగింది. హిట్లర్ ప్రభుత్వం ఒక మనిషిని యూదుడని ఏ ఆధారంతో తేల్చింది? నమ్మకం చూసిందా, ముఖం చూసిందా, ఇంకేదైనా చూసిందా? సమావేశాలకు రాలేకపోయిన సభ్యుల కోసం మేం చదివినది, వాదించుకున్నది ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. తాతలిద్దరు, నాయనమ్మ, అమ్మమ్మ అని ప్రతిసారీ రాయకుండా వీళ్లను ‘నలుగురు పెద్దలు’ అంటాను.

మొదటి సమావేశంలో 1933 నాటి నిబంధన చదివాం. ఆ ఏప్రిల్ 7న యూదులను ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తప్పించే చట్టం వచ్చింది. నాలుగు రోజులకు దాని నియమావళి వచ్చింది. అమ్మానాన్నల్లో గాని నలుగురు పెద్దల్లో గాని ఒక్కరు ‘ఆర్యేతరులు’ అయితే చాలు, ఆ ఉద్యోగి కూడా ఆర్యేతరుడే. ఈ మాటతో చిక్కు వచ్చింది. జపాన్ లాంటి దేశాలు ‘మేమూ ఆర్యులం కాదుగా, మా సంగతేంటి’ అని అభ్యంతరం చెప్పాయి. పైగా ‘యూదుడు’ అంటే ఎవరో ఆ చట్టం ఎక్కడా చెప్పలేదు.

1935 సెప్టెంబర్ 15న న్యూరెంబర్గ్‌లో, నాజీ పార్టీ మహాసభల సమయంలో, రెండు చట్టాలు ప్రకటించారు. ఒకటి యూదుల పౌరసత్వ హక్కులు తీసేసింది. రెండోది యూదులకు, ‘జర్మన్ రక్తం’ వాళ్లకు మధ్య పెళ్లిళ్లను, వివాహేతర సంబంధాలను నిషేధించింది. రాసిన తీరు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. హోం శాఖలో యూదుల వ్యవహారాలు చూసే బెర్నార్డ్ లోజనర్ అనే అధికారిని మహాసభలు జరుగుతుండగా బెర్లిన్ నుంచి హడావిడిగా పిలిపించారు. అధికారులు పెళ్లిళ్ల చట్టానికి నాలుగు ముసాయిదాలు తయారుచేశారు. హిట్లర్ అన్నిటికన్నా మెత్తగా ఉన్న నాలుగోదాన్ని ఎంచుకున్నాడు గాని, ‘ఈ చట్టం పూర్తి యూదులకే వర్తిస్తుంది’ అన్న వాక్యాన్ని కొట్టేశాడు. ఇదంతా లోజనర్ తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో ఉంది. తాను నష్టాన్ని తగ్గించే ప్రయత్నం చేశానని కూడా అందులో చెప్పుకున్నాడు. ఆ మాట ఎంతవరకు నమ్మాలన్న దానిపై మన సభ్యుల్లో ఏకాభిప్రాయం కుదరలేదు. నాకైతే, చట్టం రాసిన చేయి తన గురించి తాను రాసుకున్నప్పుడు కాస్త దూరం నుంచే చదవాలనిపిస్తుంది.

అలా చట్టం వచ్చింది గాని యూదుడెవరో తేలలేదు. సగం యూదులను కూడా యూదుల్లోనే కలపాలని పార్టీ పెద్దలు పట్టుబట్టారు. అలా చేస్తే వాళ్ల జర్మన్ బంధువులంతా ప్రభుత్వానికి దూరమవుతారని హోం శాఖ వాదించింది. ఈ లాగుడు రెండు నెలలు నడిచింది. చివరికి 1935 నవంబర్ 14న వచ్చిన నియమావళిలో లెక్క తేలింది.

నలుగురు పెద్దల్లో ముగ్గురు గాని నలుగురూ గాని యూదులైతే ఆ మనిషి యూదుడు. ఒక్కరే అయితే రెండో శ్రేణి ‘మిష్‌లింగ్’, అంటే మిశ్రమ సంతతి. ఇద్దరైతే మామూలుగా మొదటి శ్రేణి మిష్‌లింగ్. కానీ ఆ ఇద్దరి పెద్దల మనిషి 1935 సెప్టెంబర్ 15 నాటికి యూదు మత సంఘం జాబితాలో ఉన్నా, తర్వాత చేరినా, యూదు వ్యక్తిని పెళ్లి చేసుకుని ఉన్నా, తర్వాత చేసుకున్నా, అతన్నీ యూదుడిగానే లెక్కించారు.

ఇక్కడ ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్నే మిగతా ఏడాదికి దారి చూపింది. ‘సరే, ఆ తాత యూదుడని ఎలా తెలుస్తుంది? ఆయన నలుగురు పెద్దలను చూడాలా? అలా ఎంత వెనక్కి పోతారు?’

సమాధానం ఆ నియమావళిలోనే, ఒక చిన్న వాక్యంలో ఉంది. పెద్దల్లో ఎవరైనా యూదు మత సంఘంలో సభ్యులై ఉంటే, వేరే విచారణేమీ లేకుండా వాళ్లను పూర్తి యూదులుగా భావించాలి. రక్తం, జాతి అని అంత గొంతు చించుకున్న ప్రభుత్వం చివరికి ఆనుకున్నది ప్రార్థనా మందిరం సభ్యత్వ రిజిస్టర్ మీద. వేరే దారి లేదు. రక్తపు గ్రూపుల్లో జాతి ఆనవాళ్ల కోసం వాళ్ల శాస్త్రవేత్తలు వెతికారు, దొరకలేదు. మనవడు ఏం నమ్ముతున్నాడన్నది అతన్ని కాపాడదు. తాత ఏ మతంలో ఉన్నాడన్నది మాత్రం మనవడి జాతి అవుతుంది.

దీన్ని సమావేశంలో బోర్డు మీద గీసి చూశాం. అది మేం ఊహించుకున్న కుటుంబం. ఒక యువకుడి తండ్రి వైపు తాత యూదుడు. నాయనమ్మ క్రైస్తవ కుటుంబంలో పుట్టి, పెళ్లి కోసం యూదు మతంలోకి మారింది. వాళ్ల అబ్బాయి, అంటే ఈ యువకుడి తండ్రి, పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకుని ఒక లూథరన్ అమ్మాయిని పెళ్లాడాడు. పుట్టుక ప్రకారం చూస్తే యువకుడికి యూదు పెద్ద ఒక్కరే, తాత. నియమం ప్రకారం ఇద్దరు. నాయనమ్మ మత సంఘంలో చేరింది కాబట్టి మనవడి లెక్కలో ఆమె పూర్తి యూదురాలు. ఇంతకన్నా విడ్డూరం ఇంకొకటుంది. ఆమె సొంత హోదా తేల్చేటప్పుడు చూసేది ఆమె నలుగురు పెద్దలను. ఆ నలుగురూ క్రైస్తవులే కాబట్టి తన వరకు ఆమె జర్మన్ రక్తమే! ఒకే మనిషి తనకు జర్మన్, మనవడికి యూదు. చట్టానికి 1936లో విల్‌హెల్మ్ స్టుకార్ట్, హాన్స్ గ్లోబ్కె రాసిన వ్యాఖ్యానం ఇలాంటి సందర్భాన్ని ఈ విధంగానే తేల్చింది. గ్లోబ్కె యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీలో ఛాన్సలర్ అడెనావర్ కార్యాలయానికి 1953 నుంచి 1963 దాకా అధిపతిగా ఉన్నాడని చదివినప్పుడు గదిలో కాసేపు గొడవే జరిగింది.

ఇక ఆ యువకుడికి ఒక చెల్లెలు ఉందనుకుందాం. పెద్దలు నలుగురూ ఆ నలుగురే. ఆమె ఒక యూదు యువకుణ్ని పెళ్లి చేసుకుంది. అన్న మొదటి శ్రేణి మిష్‌లింగ్, చెల్లెలు యూదురాలు. 1941 సెప్టెంబర్ 19 నుంచి చెల్లెలు యూదులకు గుర్తుగా పెట్టిన పసుపు నక్షత్రం బట్టలకు కుట్టుకోవాలి, అన్న అక్కర్లేదు. రక్తం లెక్కే నిజమైతే తోబుట్టువులకు ఈ తేడా రాకూడదు.

మనకు వంశమంటే తండ్రి వైపు చూసే అలవాటు కాబట్టి చాలామంది ‘నాన్న వైపే ముఖ్యం కదా’ అనుకున్నారు. కాదు. నలుగురికీ సమాన లెక్కే. యూదుల సంప్రదాయ ధర్మంలో తల్లి యూదురాలైతే బిడ్డ యూదు. దాన్నీ వీళ్లు పట్టించుకోలేదు. అందుకే ధర్మం ప్రకారం యూదులు కానివాళ్లు చట్టం ప్రకారం యూదులయ్యారు.

నమ్మకం విషయంలో మేం చదివింది ఎడిత్ స్టయిన్ జీవితం. యూదు కుటుంబంలో పుట్టి, తత్వశాస్త్రం చదివి, 1922లో కాథలిక్ అయి, తర్వాత కార్మెలైట్ సన్యాసిని అయ్యారామె. నెదర్లాండ్స్‌లోని మఠంలో ఉండగా 1942 ఆగస్టు 2న అరెస్టు చేశారు. యూదుల తరలింపును ఖండిస్తూ అక్కడి బిషప్పులు చర్చిల్లో చదివించిన లేఖకు ప్రతీకారంగా, కాథలిక్కులైన యూదులను పట్టుకున్న రోజది. వారం రోజులకు ఆమెను ఔష్విట్జ్‌లో చంపేశారు. అక్కల్లో ఒకరైన రోజా కూడా ఆమెతోనే వెళ్లారు.

రూపం విషయంలో వెర్నర్ గోల్డ్‌బెర్గ్ కథ చాలు. తండ్రి యూదుడిగా పుట్టి లూథరన్ అయినవాడు, తల్లి జర్మన్. నీలి కళ్లు, లేత రంగు జుట్టు. హెల్మెట్‌తో ఉన్న ఇతని ఫొటోను ఒక బెర్లిన్ పత్రిక ‘ఆదర్శ జర్మన్ సైనికుడు’ అని వేసింది. 1940 ఏప్రిల్‌లో మొదటి శ్రేణి మిష్‌లింగులను సైన్యం నుంచి తీసేయమని ఆదేశం రావడంతో అతన్నీ పంపేశారు.

ముఖం చూసి చెప్పలేనప్పుడు కాగితమే దిక్కు. మామూలు ఉద్యోగికి కావలసింది ఏడు జనన లేదా బాప్తిస్మ పత్రాలు (తనది, అమ్మానాన్నలవి, నలుగురు పెద్దలవి), మూడు పెళ్లి పత్రాలు. నాజీ పార్టీ సాయుధ విభాగమైన ఎస్.ఎస్.లో చేరాలంటే 1800 దాకా, అధికారి కావాలంటే 1750 దాకా వెనక్కి చూపాలి. జర్మనీ అంతటా ప్రభుత్వ జనన నమోదు 1876లోనే మొదలైంది కాబట్టి అంతకు ముందువాళ్ల కోసం చర్చి పుస్తకాలే గతి. లక్షల మంది పాస్టర్లకు ఉత్తరాలు రాశారు. బెర్లిన్‌లో కార్ల్ థేమెల్ అనే పాస్టర్ పాత చర్చి పుస్తకాల్లోంచి బాప్తిస్మం పొందిన యూదుల పేర్లు ఏరి కార్డుల సూచికే తయారుచేయించాడు. బాప్తిస్మం పుస్తకంలో చేరిక తేదీతో పాటు మునుపటి మతం కూడా రాసి ఉంటుంది. కాపాడుతుందనుకున్న పుస్తకమే పట్టించింది.

ప్రభుత్వం దీన్ని దేశమంతటికీ ఒకేసారి అడిగింది కూడా. 1939 మే 17 జనగణనలో ప్రతి ఒక్కరూ నలుగురు పెద్దల్లో ఎవరెవరు పూర్తి యూదులో విడిగా ఒక కార్డు మీద రాసి, కవరులో పెట్టి ఇవ్వాలి. రెండు శ్రేణుల మిష్‌లింగులు కలిపి లక్షకు కాస్త పైగా తేలారు. పార్టీ ముందు నుంచీ ఊదరగొట్టిన దానికన్నా ఇది చాలా తక్కువ.

పలుకుబడి ఉన్నవాళ్లకు మాత్రం ఈ లెక్క వంగింది. వైమానిక దళంలో పెద్ద హోదాలో ఉన్న ఎర్హార్డ్ మిల్ఖ్ తండ్రి యూదుడన్న ఫిర్యాదు వచ్చినప్పుడు, అసలు తండ్రి వేరొకరని తల్లి చేత రాయించుకుని అతన్ని ఆర్యుడిగా ప్రకటించారు.

ఈ అధ్యయనం కోసం గీసిన వంశవృక్షం పటాలు మన గ్రంథాలయ గదిలోనే ఉన్నాయి. సభ్యులు తీసుకెళ్లి పిల్లలకు చూపించవచ్చు. జమా ఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా ఇస్తారు. వేసవిలో అనుకున్న అనువాద తరగతి జరగలేదు.

వచ్చే ఏడాది ఫ్రాన్స్ వైపు వెళ్దామని కార్యవర్గం నిర్ణయం. 1940లో జర్మనీ చేతిలో ఓడాక ఫ్రాన్స్‌లో ఏర్పడిన విషీ ప్రభుత్వం ఆ ఏడాది అక్టోబర్ 3న తన సొంత చట్టం చేసింది. అందులో ముగ్గురు ‘యూదు జాతి’ పెద్దలు గాని, భార్య లేదా భర్త యూదు అయితే ఇద్దరు గాని చాలు. ఆ జాతి ఏమిటో మాత్రం అందులో లేదు. 1941 జూన్ 2న రెండో చట్టం తెచ్చి, యూదు మతంలో ఉన్న పెద్దలే యూదు జాతి పెద్దలని చేర్చారు. బెర్లిన్ అధికారులు తొక్కిన దారికే పారిస్‌కు దూరంగా కూర్చున్న అధికారులు ఎందుకు వచ్చారో చూడాలి. ఫ్రెంచి తెలిసిన సభ్యులు కార్యదర్శిని సంప్రదించగలరు.

ఇట్లు,
కార్యదర్శి