బాత్రూం కొటేషన్‌ల ఉండే బొమ్మను ఎట్ల చూడాలె

"అన్నా, కొటేషన్ తోటి పాత ఫోటో పక్కన కొత్త బాత్రూం బొమ్మ పెట్టి పంపుతున్నవ్ గదా, పని అయినంక అచ్చం గట్లనే వస్తదా?"

సైజులు, ఏ సామాను ఏడ కూసుంటది, టైల్ జాయింట్లు ఏడికి వస్తయ్, ఇవి గట్లనే వస్తయ్. రంగు, వెలుతురు కొంచెం తేడా ఉంటది. గచ్చు కింద పని బొమ్మల కనిపించనే కనిపించదు, దాన్ని వేరే పేజీల రాసిస్తున్న. ఈ మధ్య చాలామంది ఇదే అడుగుతున్నరు, అందుకే ఇప్పుడు చేతిల ఉన్న కాజీపేట బాత్రూం ఒకటి పట్టుకోని మొత్తం చెప్తా.

పై అంతస్తు ఇల్లు, కింద కిరాయికి ఉంటరు. బాత్రూం అందరి ఇండ్లల్ల ఉండే ఏడు బై నాలుగే. చిన్న గోడకు తలుపు, ఎదురుంగ వెంటిలేటర్ కింద ఇండియన్ సీటు, నాలుగు ఫీట్ల ఎత్తు దాకా పాత టైల్స్, పైన ఉత్త సున్నం. ఇంట్ల పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పులు, కింద కూసుంటలేదు, వెస్టర్న్ పెట్టాలె. వాళ్ళ కొడుకు ఫోన్‌ల ఒక ఫోటో చూపించిండు, తలుపు దగ్గర పక్క గోడకు కమోడ్, లోపట అద్దం అడ్డుగోడ పెట్టి షవర్, అన్న ఇట్ల కావాలె అన్నడు.

టేపు పెడితే కింద వెడల్పు 3 ఫీట్ల 11 ఇంచులు, తలుపు ఎత్తుల చూస్తే 3 ఫీట్ల 10. అంటే గోడలు తూకానికి లేవు. పాత టైల్స్ కొట్టి, గోడ సాపు చేసి, కొత్త టైల్ అంటించేసరికి రెండు దిక్కులా కలిపి ఇంకో ఇంచు, రెండు ఇంచులు పోతది, చేతికి మిగిలేది 45 ఇంచులు. నేను బొమ్మ గీసింది ఆ 45 మీదనే. కాగితం మీద నాలుగు ఫీట్లు అని గీస్తే చూడనీకి మంచిగనే ఉంటది గనీ ఆ మూడు ఇంచులు రేపు ఏడికెళ్లి తెస్తం?

ఇగ ఆయన అడిగినట్టే మొదలు ఒక బొమ్మ చేసిన. కమోడ్ గోడకెళ్లి ముందుకు 27 ఇంచుల దాకా వస్తది. 45ల 27 పోతే మిగిలింది 18, షవర్ కాడికి పోవాలంటే పెద్దమ్మ పక్కకు తిరిగి పోవాలె, పైగా లోపటికి తెరిచే తలుపు 30 ఇంచులది, తలుపు తీస్తే కమోడ్‌కు తాకుతది. ఫోన్‌ల చూపించిన ఫోటోల అసలు తలుపే లేదు. దానికంటే పెద్ద చిక్కు పైపుది. ఇక్కడ సంకన్ స్లాబ్ లేదు, అంటే బాత్రూం కాడ స్లాబ్‌ను కిందికి దించి పోయలేదు. కమోడ్ జాగ మారిస్తే నాలుగు ఇంచుల పైపును వాటం ఇచ్చి తీసుకపోవాలె, దానికి గచ్చు ఆరేడు ఇంచులు లేపాలె, తలుపు కాడ మెట్టు పడ్తది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి కోసం చేసే పనిల కొత్తగ మెట్టు కట్టుడు ఏం పద్ధతి? స్లాబ్ కిందికెళ్లి పైపు ఇద్దామంటే కిరాయిదారు ఇంట్ల పైన వేలాడతది. గోడ పొంటి తెచ్చి బాక్స్ కట్టొచ్చు గనీ అందుల ఇంకో అయిదారు ఇంచులు పోతయ్. ఇదంతా నోటితోటి చెప్తే ఎవ్వరూ నమ్మరు, నేను పని తప్పించుకుంటున్న అనుకుంటరు. బొమ్మల తలుపు తెరిచి పెట్టి చూపిస్తే ఆయననే వద్దన్నడు.

రెండో బొమ్మల కమోడ్‌ను పాత సీటు జాగలనే పెట్టిన, తలుపుకు ఎదురుంగ. దాని ముందట 53 ఇంచులు మిగిలింది, స్టూల్ ఏసుకోని స్నానం చేయనీకి సరిపోతది. తలుపు మట్టుకు బయటికి తెరిచేటట్టు మార్చిన, పెద్దోళ్ళు లోపట జారి పడితే లోపటికి తెరిచే తలుపుకు మనిషే అడ్డం పడ్తది, బయటోళ్ళు తీయలేరు. కమోడ్ పక్కన పట్టుకోనీకి స్టీల్ రాడ్, పైన 15 లీటర్ల గీజర్, మూలకు బకెట్, మగ్గు కూడా పెట్టిన. బకెట్ లేని బాత్రూం బొమ్మను నేనైతే నమ్మ.

షవర్ కాడ అద్దం అడ్డుగోడ వద్దని నేనే చెప్పిన. బోరు నీళ్ళు ఉన్న ఇంట్ల అద్దం మీద తెల్ల మరకలు పడ్తయ్, నల్ల ట్యాప్‌లైతే ఇంకా జల్ది కనిపిస్తది. బొమ్మల మెరుస్తనే ఉంటయ్, ఎప్పటికీ.

టైల్ సంగతి కూడా బొమ్మలనే తేలాలె. కింద 12 ఇంచుల టైల్ ఏస్తున్నం, 45ల మూడు నిండు టైల్స్ పోను 9 మిగుల్తది. మూడింటిని నడుమ పెడితే రెండు పక్కలా నాలుగున్నర ఇంచుల సన్న పట్టీలు వస్తయ్, చూడనీకి మంచిగుండదు. అందుకే రెండు నిండు టైల్స్ నడుమ, పక్కలకు పదిన్నర ఇంచుల ముక్కలు పెట్టినం. మేస్త్రికి ఇదే బొమ్మ ప్రింట్ తీసి గోడకు అంటిస్త, ఆయన తన ఇష్టమొచ్చిన మూలకెళ్లి మొదలుపెట్టడు.

మీకు వేరే కాంట్రాక్టర్ బొమ్మ ఇచ్చినా సరే, కింద టైల్స్ లెక్కపెట్టున్రి. 12 ఇంచుల టైల్ అని రాసి, నాలుగు ఫీట్ల వెడల్పుల అయిదారు టైల్స్ కనిపిస్తే ఆ రూమ్ మీది కాదు. ఇంకో మాయ కెమెరాతోటి. కంప్యూటర్‌ల ముందటి గోడ తీసేసి దూరం కెళ్లి వైడ్ లెన్స్‌తోటి చూపిస్తే ఏడు ఫీట్ల రూమ్ పదిలెక్క కనిపిస్తది, పక్కన పాత ఫోటోనేమో ఇరుకుల నిలబడి తీసింది. నేను రెండిటికీ గడప మీద నిలబడి, ఛాతీ ఎత్తుల, మామూలు లెన్స్‌తోటే చూపిస్తున్న. రూమ్ మొత్తం రాదు, సగం గోడ కట్ అయితది, అందుకే పైకెళ్లి చూసే ప్లాన్ ఒకటి పక్కన పెడ్తున్న. ఫోటోలు మీరే పంపేదుంటే వైడ్ పెట్టకున్రి.

బొమ్మల చెప్పలేనిది ఒకటుంది. పాత సీటు తవ్వినంకనే కింద పైపు సరిగ్గ ఏడుందో తెలుస్తది. పైపు గచ్చులకెళ్లి కిందికి పోయే కమోడ్‌లు ఎక్కువ శాతం గోడకెళ్లి 9 ఇంచులకో 12 ఇంచులకో పైపు ఉండేటట్టు వస్తయ్, ఆ కొలత కూడా టైల్ అంటించినంక గోడకెళ్లే. అందుకే మీరు ముందే షాపుకు పోయి కమోడ్ కొనకున్రి, తవ్వినంక కొలత చెప్తా, అప్పుడు పోదురు.

రంగుకైతే బొమ్మ చూసి ఓకే అనకున్రి. టైల్ ముక్క తెచ్చిస్తా, మీ బాత్రూంల మీ బల్బు కిందనే పెట్టి చూడున్రి. డబ్బాల మీద షేడ్ నంబర్ అన్నిటికీ ఒక్కటే ఉండాలె, అది నేను చూసుకుంట.

వేరే పేజీల వాటర్‌ప్రూఫింగ్ ఏ మందు, ఎన్ని కోట్లు, గోడకు ఎంత ఎత్తు దాకా, గచ్చు మీది నీళ్ళు పోయే నాని ట్రాప్ చుట్టూ ఏం చేస్తం అన్నది రాస్త. టైల్ ఏయకముందు గచ్చు మీద నీళ్ళు కట్టి రెండు రోజులు ఉంచుతం, కింద ఇంటోళ్ళ స్లాబ్ మీరే పోయి చూసుకోవచ్చు. తక్కువ కొటేషన్ ఎవరన్న ఇస్తే ముందుగాల ఈ పేజీ ఉందా అడగున్రి, బొమ్మ ఎంత ముద్దుగున్నా సరే.

వచ్చే నెల కెళ్లి కొలతలు, రెండు బొమ్మలకు 1500 తీసుకుంటున్న, పని ఇస్తే బిల్లుల కట్ చేస్త. ఇయ్యకున్నా బొమ్మలు, కొలతల కాగితం మీవే, వేరే మేస్త్రితోటి చేపిచ్చుకున్నా నాకేం లేదు. హన్మకొండ, కాజీపేట, వరంగల్ దాకా నేనే వస్త. వచ్చే ముందు కింద ఇంటోళ్ళకు ఒక మాట చెప్పి పెట్టున్రి, వాళ్ళ పైకప్పు కూడా చూడాల్సి ఉంటది.