కొత్త లేబుళ్ల సంగతి, ప్రెస్సుకు రాసిన ఉత్తరం

“అండీ, ఆషాఢం సారెకి ఆవకాయ సీసాలు కావాలి. కొత్త లేబుల్ వేసినవే పంపగలరా?”

ఈ వారం చాలామంది ఇదే అడిగారు. లేబుళ్లు ఇంకా చేతికి రాలేదు. మెషీన్ మీద తీసిన ప్రూఫ్ షీట్లు చూసి, సరిచేసి మళ్లీ వేయమని వెనక్కి పంపాం. ప్రెస్సువారికి రాసిన ఉత్తరాన్నే కింద పెడుతున్నాను, ఆలస్యం దేనికో మీకే తెలుస్తుంది.

నమస్కారమండి. మీరు పంపిన ప్రూఫ్ షీట్లు కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూశాం. ట్యూబ్‌లైటు కింద చూస్తే ఎరుపు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ముందు రంగు. షీటులో ఎడమవైపు లేబుళ్ల మీద ఎరుపు పండుమిరపలా చక్కగా వచ్చింది. కుడివైపుకు వెళ్లేకొద్దీ గులాబీ రంగులోకి పోయింది. అన్నీ ఒకే ఫైలు, ఒకే ప్లేటు కాబట్టి తేడా డిజైన్‌లో ఉండే అవకాశం లేదు. షీటు అంచున ఉన్న కలర్ బార్ చూడండి, కుడి చివర పసుపు గడులు వెలిసిపోయినట్టున్నాయి. అంటే ఆ వైపు పసుపు ఇంకు తక్కువ పడుతోంది. దయచేసి అక్కడ పసుపు ఇంకు వదిలే కీలు కొద్దిగా తెరవండి. ఎరుపు సరిచేయడానికని మెజెంటా మాత్రం తగ్గించకండి, మామిడి ముక్కల బొమ్మ పాలిపోతుంది. ఎడమవైపు లేబుల్ ఒకదాని మీద సంతకం పెట్టి పంపుతున్నాను, మొత్తం షీటు దానికి కలవాలి. లామినేషన్ వేశాక రంగు ఇంకాస్త ముదురుతుంది కాబట్టి, లామినేషన్ వేసినదాన్ని వేయనిదానితో పోల్చవద్దు.

రెండోది రిజిస్టర్, అంటే రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవడం. శాకాహార గుర్తు మీద భూతద్దం పెట్టి చూడండి. సయాన్, పసుపు ఒకదానిమీద ఒకటి పడితేనే ఆ చుక్క ఆకుపచ్చగా వస్తుంది. మెషీన్ కాగితాన్ని పట్టుకునే గ్రిప్పర్ వైపు వరసలో గుండ్రంగా, శుభ్రంగా ఉంది. తోక వైపు వరసకు వచ్చేసరికి కుడి మూల లేబుల్‌లో చుక్కకు కుడిపక్కన నీలం నెలవంక కనిపిస్తోంది, ఎడమ మూల లేబుల్‌లో అదే నెలవంక ఎడమపక్కన ఉంది. ఆ వరస మధ్యలో ఉన్న లేబుళ్లలో అసలు లేదు. ప్లేటు జరిగి ఉంటే షీటంతా ఒకే దిక్కుకు జరగాలి. ఇలా రెండు వైపులా బయటికి విచ్చుకుందంటే, సయాన్ పడ్డాక కాగితమే సాగినట్టు. మీది రెండు రంగుల మెషీను కదా. సయాన్, బ్లాక్ వేసి, మెజెంటా, పసుపు తర్వాత వేస్తారు. ఆ మధ్యలో దొంతర విప్పి ఉంచితే, ఈ వానల్లో కాగితం తేమ పీల్చుకుంటుంది. అందుకని మొదటి పాస్ అయ్యాక దొంతరకు ప్లాస్టిక్ కవరు చుట్టి, రెండో పాస్ అదే రోజు వేయండి. మెషీన్‌లో నీళ్లు కూడా వీలైనంత తక్కువ పెట్టండి. ప్లేటు జరిపితే ఒక మూల సర్దుకుంటుంది గానీ ఇంకో మూల ఇంకా పాడవుతుంది.

ఇది చుక్కతో పోయేదైతే ఊరుకునేవాళ్లం. ఆకుపచ్చ పట్టీ మీద తెల్లగా వదిలిన “వెల్లుల్లి లేనిది” అనే అక్షరాల్లో ఒత్తులు సన్నగా ఉంటాయి. తోక వైపు లేబుళ్లలో ఆ సందుల్లోకి నీలం చేరి ఒత్తులు పూడుకుపోయాయి. వెల్లుల్లి తినని ఇళ్లవాళ్లు మొదట చూసేది ఆ మాటే. బార్‌కోడ్ మాత్రం ఒక్క బ్లాక్‌తోనే వేశారు కాబట్టి బాగా స్కాన్ అవుతోంది, దాన్ని అలాగే ఉంచండి.

ఇక కటింగ్. లేబుళ్లు కోసే డై పైకి జరిగి పైన తెల్ల గీత కనిపిస్తోంది. ప్రింటింగ్‌లో ఏ రెండు అంచులు ఆనించారో, డై కొట్టేటప్పుడూ అవే అంచులు ఆనించండి.

సరిచేశాక మొదటి షీట్లు రాగానే ఫోన్ చేయండి, వచ్చి నాలుగు మూలలూ చూసి సంతకం పెడతాను. ఆ తర్వాతే మొత్తం రన్ వేయండి.

ఉత్తరం అందిందని, మళ్లీ వేస్తామని ప్రెస్సువారు ఫోన్‌లో చెప్పారు. వాదన పెట్టుకోలేదు, కాగితం సంగతి వాళ్లే ఒప్పుకున్నారు. తేదీ మాత్రం వాన మీదే ఆధారపడి ఉంది కాబట్టి నేను మాట ఇవ్వలేను.

సారె ముహూర్తం దగ్గర పడ్డవాళ్లకు పాత లేబుల్ సీసాలు ఇప్పుడే పంపుతాం. లోపలి ఆవకాయ ఈ ఎండాకాలం పెట్టిందే, ధరా అదే. కొత్త లేబులే కావాలనుకునేవాళ్లు ఆర్డర్ మెసేజ్‌కి “ఆగుతాను” అని జవాబివ్వండి. సరుకు పంపేవరకు డబ్బులు వేయనక్కర్లేదు.