మా జీతంలో తగ్గిన 864 రూపాయల గురించి కార్మిక శాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్మిక శాఖ అధికారి గారికి,

నమస్కారం. మేం హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు కంపెనీలో ప్యాకింగ్, లోడింగ్, స్టోర్స్ విభాగాల్లో పనిచేసే సిబ్బందిమి. మీ కార్యాలయంలో మూడు అర్జీలు ఇచ్చాం. మూడింటి మీదా ఇన్‌వార్డ్ స్టాంపు ఉంది, ఒక్కదానికీ జవాబు రాలేదు. మూడోసారి వచ్చినప్పుడు సారు మీటింగులో ఉన్నారని చెబితే సాయంత్రం దాకా బెంచీ మీదే కూర్చుని తిరిగి వెళ్లాం. ఆ రోజు మాకు సగం జీతం పోయింది. ఇక వేరే దారి లేక అందరికీ కనిపించేలా ఈ లేఖ రాస్తున్నాం.

కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయని మీకు మేం చెప్పక్కర్లేదు. మా కంపెనీ నోటీసు బోర్డు మీద పెట్టిన సర్క్యులర్ గురించి మాత్రం చెప్పాలి. అందులో ఉన్నవి నాలుగే వాక్యాలు. చట్టం ప్రకారం జీతాల నిర్మాణం మార్చామనీ, ఒక్కో మనిషి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, అంటే సీటీసీలో, మార్పు లేదనీ, ఇది ఈ నెల 1వ తేదీ నుంచి వర్తిస్తుందనీ, సందేహాలుంటే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టమనీ ఉంది. ఆ కాగితం అతికించింది నెల 27న. అప్పటికి ఆ నెలలో మేం 26 రోజులు పాత జీతం లెక్కనే పనిచేశాం.

ఏం మారిందో కంపెనీ చెప్పలేదు కాబట్టి మేమే కూర్చుని లెక్క వేసుకున్నాం. ప్యాకింగ్‌లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న ఒక అక్క పే స్లిప్పులు రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. ఆమె పేరు రాయడం లేదు, ఆమె ఉద్యోగం ఆమెకు కావాలి.

ఆమె సీటీసీ నెలకు 24,000. పాత స్లిప్పులో బేసిక్ 9,000 ఉండేది, మిగతాదంతా ఇంటి అద్దె, రవాణా అలవెన్సులు. ఇప్పుడు కొత్త కోడ్‌ల ప్రకారం మొత్తంలో కనీసం సగం వేతనంగా చూపాలి కాబట్టి బేసిక్ 12,000 అయింది. పీఎఫ్ 12 శాతం కనుక ఆమె వాటా 1,080 నుంచి 1,440కి పెరిగింది. అంటే 360 రూపాయలు ఎక్కువ కోత. ఇంతవరకూ మాకు అభ్యంతరం లేదు. అది ఆమె పేరు మీదే జమ అవుతుంది, పాస్‌బుక్‌లో కనిపిస్తుంది.

కంపెనీ కట్టాల్సిన వాటా కూడా 1,440 అయింది. ఆ పెరిగిన 360ని కంపెనీ తన జేబులోంచి పెట్టలేదు. సీటీసీ మారకూడదు కదా అని ఆమె అలవెన్సుల్లోంచే తగ్గించింది. గ్రాట్యుటీ కోసం నెల నెలా పక్కన పెడుతున్నామని చూపించే మొత్తం 433 నుంచి 577 అయింది, ఆ 144 కూడా అలవెన్సుల్లోంచే తీసింది. మూడూ కలిపితే 864. వృత్తి పన్ను 200 పోగా నెలకు 21,207 చేతికి వచ్చే మనిషికి ఇప్పుడు 20,343 వస్తోంది. ఏడాదికి 10,368 రూపాయలు తగ్గాయి. ఆమె కొడుకు ఇంటర్ చదువుతున్నాడు సార్. ఆ డబ్బు అతని కాలేజీ ఫీజులో ఒక వాయిదా.

అడిగితే సూపర్‌వైజర్ ఒకటే మాట అంటున్నాడు, చట్టమే మార్చమంది, మేమేం చేస్తాం అని. ఇక్కడే మీ జవాబు కావాలి. వేతనం లెక్క ఎలా ఉండాలో చట్టం చెప్పింది. యజమాని వాటాను పనివాడి జీతంలోంచి తీసుకోమని ఎక్కడ చెప్పింది? పీఎఫ్ వాటా కట్టాల్సి వస్తోందన్న కారణంతో జీతం నేరుగా గానీ, దొడ్డిదారిన గానీ తగ్గించకూడదని 1952 నాటి పీఎఫ్ చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది. సీటీసీ అనే మాట పెట్టి చేస్తే అది తగ్గించడం కాకుండా పోతుందా? ఇదే మా మొదటి అర్జీలో అడిగాం, రెండో దాంట్లో అడిగాం, మూడో దాంట్లోనూ అడిగాం.

ఇంకో బాధ కూడా చెప్పాలి. పీఎఫ్‌ను 15,000 వేతనం మీదే, అంటే 1,800 దగ్గరే ఆపి కడుతున్నారు కాబట్టి బేసిక్ ముందే అంతకు మించి ఉన్న మేనేజర్లకు పీఎఫ్ కోత ఒక్క రూపాయి కూడా పెరగలేదు. పెరిగింది తక్కువ బేసిక్ ఉన్న మా అందరికీనే.

మేం కొత్త లెక్కకు వ్యతిరేకం కాదు. ఆ అక్క రేపు ఉద్యోగం మానేస్తే పాత బేసిక్ మీద తొమ్మిదేళ్లకు గ్రాట్యుటీ 46,731 వచ్చేది, ఇప్పుడు 62,308 వస్తుంది. అది మంచిదే. కానీ పీఎఫ్ డబ్బు పాస్‌బుక్‌లో కనిపించినట్టు గ్రాట్యుటీ డబ్బు ఎక్కడా కనిపించదు. మా దగ్గర పర్మనెంట్‌గా చేరి రెండేళ్లే అయిన కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు ఐదేళ్లు నిండకుండా మానేస్తే నెల నెలా వాళ్ల జీతంలోంచి తగ్గించిన ఆ సొమ్ము ఎవరిది? కంపెనీ దగ్గరే ఉండిపోతుందా? సర్క్యులర్‌లో ఒక్క ముక్క లేదు. ఈఎస్ఐ పరిమితి 21,000 ఉంది, వేతనం లెక్క మారాక మేం అందులోకి వస్తామా రామా అన్నదీ లేదు. ఆసుపత్రి ఖర్చు నెత్తిన పడితే ఏమిటన్న టెన్షన్ అందరికీ ఉంది.

తేదీ విషయం కూడా మీరే తేల్చాలి. మా జీతం, యజమాని కట్టే పీఎఫ్ లాంటి షరతులు మార్చే ముందు కార్మికులకు 21 రోజుల నోటీసు ఇవ్వాలని పారిశ్రామిక వివాదాల చట్టం 9ఎ సెక్షన్‌లో ఉండేది. కొత్త కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. 27న కాగితం పెట్టి 1వ తేదీ నుంచి అమలంటే అది నోటీసు ఎలా అవుతుంది సార్? అయిపోయిన నెల జీతానికి వెనక నుంచి కోత పెట్టడం ఏం న్యాయం?

ఇక ఎవర్ని అడగాలి అంటే, హెచ్ఆర్ మెయిల్ అన్నారు. మాలో సగం మందికి మెయిల్ లేదు. ఉన్న పదకొండు మంది పెడితే ఎవరికీ తిరుగు జవాబు లేదు. జమ అయిన పీఎఫ్‌లో తేడా ఉంటే పీఎఫ్ వాళ్ల ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టుకోగలం. కానీ అలవెన్సులు ఎందుకు తగ్గించారో వాళ్లు చెప్పరు. అది చెప్పించాల్సింది మీరు.

దయచేసి కంపెనీ వాళ్లను పిలిపించండి. ప్రతి మనిషికీ పాత లెక్క, కొత్త లెక్క పక్కపక్కన వేసి తెలుగులో ఒక కాగితం ఇప్పించండి. ఏ తేదీ నుంచి అమలో, ఎవరి పేరుతో ఏ నంబరుకు ఫోన్ చేయాలో అందులో రాయించండి. కంపెనీ వాటా పెరిగిన మేరకు మా అలవెన్సుల్లో తీసింది తిరిగి ఇప్పించండి. ఇది చట్టప్రకారమే సరైనదని మీరనుకుంటే అదైనా మీ సంతకంతో రాసివ్వండి, మేం పై అధికారి దగ్గరికి వెళతాం. ఏదో ఒకటి రాసివ్వండి సార్, దయచేసి.

వచ్చే 7వ తేదీన మళ్లీ జీతాలు పడతాయి. ఈలోపు మమ్మల్ని ఎప్పుడు రమ్మన్నా వస్తాం, స్లిప్పులు తెస్తాం.

ఇట్లు,
ప్యాకింగ్, లోడింగ్, స్టోర్స్ సిబ్బంది,
హైదరాబాద్